చెడ్డ వార్త కూడా అదే పేజీలో పెట్టాలా?

శ్రీకాంత్ (కోరమంగళ, బెంగళూరు): మా స్టార్టప్‌కి సీడ్ రౌండ్ అయింది, ఇన్వెస్టర్లు 14 మంది. ప్రతి నెలా అంకెలు, కావాల్సిన సాయం, చెడ్డ వార్తలు అన్నీ ఒకే పేజీలో పంపమంటున్నారు. మా పెద్ద కస్టమర్ వచ్చే నెల వెళ్లిపోతున్నాడు. ఇదీ అందులోనే రాయాలా?

మాధవి: అందులోనే రాయండి, అంకెల పక్కనే. ఉదాహరణకి బ్యాంకులో కోటి 62 లక్షలు ఉన్నాయి, నెలకు నికరంగా 18 లక్షలు పోతున్నాయి అనుకుందాం. ఆ డబ్బు 9 నెలలు వస్తుంది కాబట్టి 9 నెలల రన్‌వే అని రాసేస్తారు. వెళ్లేవాడు నెలకు 6 లక్షలు ఇస్తుంటే ఇకపై పోయేది 24 లక్షలు. పైగా ఆ బ్యాంకు డబ్బులో ఈ 20లోగా కట్టాల్సిన జీఎస్టీ 12 లక్షలు ఉంటే అది మీది కాదు. మిగిలిన కోటిన్నర ఆరు నెలలకే సరిపోతుంది. వార్త రాయకపోతే 9 అన్న అంకే తప్పవుతుంది.

రవితేజ: లెక్క సరే మేడమ్, కానీ ఇలాంటివి ఫోన్లో చెప్పాలి. లీడ్ ఇన్వెస్టర్ ఈమెయిల్‌లో చూసి తెలుసుకుంటే ఊరుకుంటాడా?

ప్రసాద్: మేం ఎక్సెల్ షీట్ పంపిస్తాం. అగ్రిమెంట్‌లో ఎంఐఎస్ అనే ఉంది, ఈ పేజీ గోల లేదు.

మాధవి: ప్రసాద్ గారూ, అది ఒప్పందం ప్రకారం ఇచ్చే లెక్క, శ్రీకాంత్ అడిగింది అది కాదు. రవితేజ గారూ, లీడ్‌కి ముందు ఫోన్ చేయాలి, ఒప్పుకుంటాను. మిగతా 13 మందికి ఏం చెబుతారు? మూడు నెలలయ్యాక తర్వాతి రౌండ్ దాకా నెట్టుకురావడానికి బ్రిడ్జ్ డబ్బు అడిగితే, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగరా?

రవితేజ: మీకు చెప్పడం తేలిక! నేను కస్టమర్ పేరుతో సహా రాశాను. మా ఏంజెల్స్‌లో ఒకాయనకి పోటీ కంపెనీలో కూడా వాటా ఉంది. వారం తిరక్కుండా వాళ్ల సేల్స్ మనిషి నా కస్టమర్ ఆఫీసులో కూర్చున్నాడు. రెన్యువల్ పోయింది. ఆ నష్టం మీరు కడతారా?

మాధవి: ఇది ముందే చెప్పాల్సింది. అయితే మీ బాధ చెడ్డ వార్త గురించి కాదు, పేజీ ఎవరి చేతికి వెళ్తుందన్న దాని గురించి. పేరు తీసేసి, 'నెలకు 6 లక్షలిచ్చే కస్టమర్ వెళ్తున్నాడు, రన్‌వే 6 నెలలు' అని రాస్తే చాలు.

రవితేజ: పేరు తీస్తే సాయం ఎలా అడుగుతారు? 'ఫలానా కంపెనీ సీఎఫ్ఓ ఎవరికైనా తెలుసా' అంటేనే ఎవరైనా కదులుతారు. 'పరిచయాలు ఉంటే చెప్పండి' అని రాస్తే ఒక్కరూ జవాబివ్వరు, నేను చూశాను.

మాధవి: అది నిజమే. కొత్తగా పట్టాల్సిన కంపెనీల పేర్లు పేజీలో రాయొచ్చు, చేజారేవాళ్ల పేర్లు ఫోన్లోనే చెప్పాలి. నేనైతే ఇలా చేస్తాను.

రవితేజ: కొత్తవాళ్ల పేర్లు లీక్ కావా మరి?

శ్రీకాంత్: లీడ్‌కి ఈరోజే ఫోన్ చేస్తున్నా. రన్‌వే 6 అనే రాస్తా. 14 మందిలో పోటీ కంపెనీలో వాటా ఎవరికుందో ముందు కనుక్కోవాలి, అలా ఒకరు ఉంటే ఆయనకి వేరే పేజీ పంపడం సబబేనా?