ఎన్‌డీఎం క్లెబ్సియెల్లా రక్తంలో దొరికితే ముందు కొలిస్టినా, కాంబినేషనా?

ఐసీయూ_పీజీ: 62 ఏళ్ల షుగర్ పేషెంట్, బరువు 60 కిలోలు. బ్లడ్ కల్చర్‌లో క్లెబ్సియెల్లా, జీన్ టెస్టులో ఎన్‌డీఎం, ఆక్సా-48 రెండూ పాజిటివ్. నార్‌అడ్రినలిన్ నడుస్తోంది, క్రియాటినిన్ 1.8. కొలిస్టిన్ ఎంఐసీ 0.5. కొలిస్టిన్ పెట్టాలా, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌కి అజ్ట్రియోనామ్ కలపాలా?

నైట్‌డ్యూటీ: ఎంఐసీ 0.5 ఉంటే ఇంకేం కావాలి, కొలిస్టిన్ పెట్టేయండి. కిడ్నీ బాగోలేదు కాబట్టి లోడింగ్ 9 బదులు 4.5 మిలియన్ యూనిట్లు చాలు. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఎన్‌డీఎం మీద పనిచేయదు, ఇంటివాళ్లతో అంత ఖరీదైన మందు కొనిపించడం దండగ.

క్లినికల్_ఫార్మా: అవిబాక్టమ్ ఎన్‌డీఎం ఎంజైముని ఆపలేదన్నది నిజమే. అయితే ఇక్కడ దాని పని వేరు. అజ్ట్రియోనామ్‌ని ఎన్‌డీఎం విరగ్గొట్టలేదు. విరగ్గొట్టేవి అదే బ్యాక్టీరియాలో ఉండే ఈఎస్‌బీఎల్‌, ఆంప్-సీ ఎంజైములు. అవిబాక్టమ్ వాటిని కట్టేస్తే అజ్ట్రియోనామ్ పని చేసుకుపోతుంది. అందుకే రెండూ ఒకేసారి, 3 గంటలు నడవాలి. అజ్ట్రియోనామ్ పొద్దున, రెండోది మధ్యాహ్నం అని విడగొడితే ఆ రక్షణ పోతుంది. వార్డుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఇటలీ, గ్రీస్ ఆసుపత్రుల్లో ఇలాంటి రక్త ఇన్ఫెక్షన్ల మీద 2021లో వచ్చిన పరిశీలనలో 30 రోజుల మరణాలు ఈ కాంబినేషన్‌తో 19 శాతం, మిగతా మందులతో 44 శాతం. అది రాండమైజ్డ్ ట్రయల్ కాదు. అయినా షాక్‌లో ఉన్న ఈ మనిషికి నేను కాంబినేషన్‌నే ఎంచుకుంటాను.

ఇక లోడింగ్ విషయం. మనం ఎక్కించేది నేరుగా కొలిస్టిన్ కాదు, ఒంట్లో మెల్లగా కొలిస్టిన్‌గా మారే రూపం. లోడింగ్ లేకపోతే చాలినంత మోతాదు రక్తంలో చేరడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లోనే షాక్ ముదురుతుంది. కిడ్నీ ఎలా ఉన్నా లోడింగ్ పూర్తిగా 9 మిలియన్లే. తగ్గించాల్సింది తర్వాతి డోసులు. ఈయన క్లియరెన్స్ లెక్క: (140−62)×60 ని 72×1.8 తో భాగిస్తే 36. కొలిస్టినే వాడాల్సి వస్తే 12 గంటల తర్వాత 3 మిలియన్ల చొప్పున రోజుకి రెండుసార్లు.

ల్యాబ్_మైక్రో: ఆ 0.5 డిస్క్ మీద చూసిందా, బ్రాత్ మైక్రోడైల్యూషన్‌లోనా? కొలిస్టిన్ అగర్‌లో సరిగ్గా వ్యాపించదు, డిస్క్, స్ట్రిప్ ఫలితాలు నమ్మొద్దు. బ్రాత్‌లో 0.5 వచ్చినా సీఎల్ఎస్ఐ 2020 నుంచి దాన్ని "ససెప్టిబుల్" అనట్లేదు, 2 దాకా "ఇంటర్మీడియట్" అనే రాస్తోంది.

రాజమండ్రి_అమ్మాయి: మా నాన్నగారి యూరిన్ కల్చర్‌లో కూడా ఇదే వచ్చిందండీ. జ్వరం లేదు, కాథెటర్ ఉంది. కొలిస్టిన్ పెట్టమని డాక్టర్‌గారిని అడగమంటారా?

క్లినికల్_ఫార్మా: వద్దండీ, ఇక్కడి ప్రశ్న రక్తంలో ఇన్ఫెక్షన్ గురించి. జ్వరం, నొప్పి, మత్తు లేకుండా కాథెటర్ యూరిన్‌లో క్రిమి పెరిగితే మామూలుగా మందు అవసరముండదు. కాథెటర్ ఇంకా అవసరమా అని డాక్టర్‌గారిని అడగండి. చలిజ్వరం వచ్చినా, మనిషి మగతగా ఉన్నా ఆగకుండా చూపించండి.

ఐసీయూ_పీజీ: కాంబినేషన్ పెడితే ఏం చూడాలి? 36 క్లియరెన్స్‌కి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ 2.5 గ్రాములు 1.25 చేయాలి కదా?

క్లినికల్_ఫార్మా: లేబుల్ ప్రకారం 1.25 గ్రాములు, 8 గంటలకోసారి. కానీ షాక్‌లో పెరిగిన క్రియాటినిన్ ఫ్లూయిడ్స్‌తో 48 గంటల్లో దిగిపోవచ్చు. మొదట్లోనే కోస్తే డోసు చాలదు. మొదటి రెండు రోజులు 2.5 గ్రాములు, అజ్ట్రియోనామ్ 2 గ్రాములు 8 గంటలకోసారి ఇచ్చి, మళ్లీ లెక్కేస్తాను. వారానికి రెండుసార్లు ఎల్ఎఫ్‌టీ చూడండి, అజ్ట్రియోనామ్‌తో ఏఎల్‌టీ, ఏఎస్‌టీ పెరుగుతాయి.

నైట్‌డ్యూటీ: దీనికి నేను ఒప్పుకోను. షుగర్ మనిషి, పాత క్రియాటినిన్ మనకి తెలియదు. అది ముందునుంచే 1.8 అయితే సెఫ్టాజిడిమ్ పేరుకుపోయి అయోమయం, ఫిట్స్ వస్తాయి.

క్లినికల్_ఫార్మా: న్యాయమైన అభ్యంతరం. పాత రిపోర్టు దొరికి అందులోనూ 1.8 ఉంటే మీ మాటే సరి. కొలిస్టిన్ అయితే రోజూ క్రియాటినిన్, గంటగంటకీ యూరిన్, పొటాషియం, మెగ్నీషియం చూడాలి. 48 గంటల్లో 0.3 పెరిగినా, 1.8 కాస్తా 2.7 అయినా కిడ్నీ దెబ్బ మొదలైనట్టే. అమికాసిన్, వాంకోమైసిన్, డైక్లోఫెనాక్ అవసరం లేకుంటే తీసేయండి. నోటి చుట్టూ తిమ్మిరి అని మెలకువలో ఉన్న పేషెంట్ చెబుతాడు. వెంటిలేటర్ మీద ఉన్నవాడు చెప్పలేడు. వీనింగ్ ఫెయిలవుతుంటే నరాల మీద కొలిస్టిన్ ప్రభావం కూడా ఆలోచించాలి.

ల్యాబ్_మైక్రో: ఒక్కటి గుర్తుంచుకోండి. ఇదే ఎన్‌డీఎం ఈ.కోలైలో ఉంటే కాంబినేషన్‌ని గుడ్డిగా నమ్మకండి. మన దేశపు ఈ.కోలైలో పీబీపీ3లో నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేరిన స్ట్రెయిన్లున్నాయి. వాటికి అజ్ట్రియోనామ్ సరిగ్గా అతుక్కోదు, అవిబాక్టమ్ కాపాడినా లాభం తక్కువ. రెండు మందుల్నీ కలిపి టెస్ట్ చేయమని ల్యాబ్‌ని అడగండి.

ఐసీయూ_పీజీ: మా ల్యాబ్‌లో ఆ టెస్ట్ లేదు. బయటికి పంపితే రిపోర్టుకి రెండు రోజులు. ఈలోగా కాంబినేషన్ మీదే ఉంచి, 48 గంటలకి రిపీట్ బ్లడ్ కల్చర్ పంపుతున్నాను. పాత క్రియాటినిన్ రిపోర్టు కోసం ఇంటివాళ్లని అడిగాను.