ఒక్క సీఎల్ అడగడానికి రిహార్సల్: నా కథలో ఈ సన్నివేశం సహజంగా ఉందా?

తహసీల్దారు ఆఫీసులో పనిచేసే జూనియర్ అసిస్టెంట్ మీద చిన్న కథ రాస్తున్నాను. చెల్లెలి పెళ్లిచూపులకు శుక్రవారం ఒక్క సీఎల్ కావాలి. మర్నాడు రెండో శనివారం, ఆపై ఆదివారం. ఊరు దాటాలి కాబట్టి హెడ్‌క్వార్టర్స్ వదిలే అనుమతి కూడా అడగాలి. అక్కడే చిక్కు: అడిగేది ఒక రోజు, సారుకు వినిపించేది మూడు రోజులు! మనవాడు రికార్డు రూములో బీరువా ముందు నిలబడి “సార్, శుక్రవారం ఒక్కరోజు...” అని మొదలుపెడతాడు, అనుమతి మాట దగ్గర గొంతు పెగలదు. ఏడాదికి 15 సీఎల్‌లు ఉన్నా సారు సంతకం పడాలిగా.

రెవెన్యూలో పనిచేసినవాళ్లు చెప్పండి: ముందు నోటితో అడిగాక కాగితం పెడతారా, లేక కాగితాన్ని ఫైళ్ల మధ్య పెట్టి పక్కన నిలబడతారా? సారు పెండింగ్ ఫైళ్ల సంగతి ఎత్తితే ఏమని జవాబిస్తారు?