‘తగులు–మిగులు’: 2026 ఉగాదికి ఈ మాట సరిపోతుందా?

శారద: తిథుల గురించిన ఒక యానిమేషన్ వీడియోకు వ్యాఖ్యానం రాస్తున్నాను. తిథి ఒకనాడు సూర్యోదయం తరువాత మొదలై మరునాటి సూర్యోదయం దాటాక కూడా ఉంటే పెద్దలు ‘తగులు, మిగులు’ అంటారు కదా. 2026 ఉగాదిని చూపే దృశ్యంలో ఈ మాట వాడవచ్చునా?

రమేష్: నిస్సందేహంగా వాడవచ్చు. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కనుక పండుగలు ఏటా అంత ముందుగా వస్తాయి. తగులు, మిగులు ఏర్పడేది అందువల్లనే.

నరసింహం: 11 రోజుల మాట నిజమే కాని, ‘ఏటా’ అనడం సరికాదు. 2023లో మార్చి 22న వచ్చిన ఉగాది 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. నడుమ అధిక శ్రావణం పడడమే దానికి కారణం. 2025లో అది మళ్ళీ మార్చి 30కి తగ్గింది. తగులు, మిగులుకు కారణం వేరు. చంద్రుడు సూర్యుడి కన్నా 12 డిగ్రీలు ముందుకు సాగడానికి పట్టే కాలమే తిథి. చంద్రుడి వేగం మారుతూ ఉండడం వల్ల ఆ కాలం సుమారు 20 గంటల నుండి దాదాపు 27 గంటల వరకు ఉంటుంది. కాబట్టి శారద గారూ, బొమ్మలో 30 భాగాలను సమానంగా గీసినా, చంద్రుణ్ణి మాత్రం ఒకే వేగంతో నడిపించకండి.

2026 మార్చి 19నే చూడండి. హైదరాబాదులో సూర్యోదయం 6.25 ప్రాంతంలో అవుతుంది, దృక్ గణితం ప్రకారం అమావాస్య 6.52కు ముగుస్తుంది. అప్పుడు మొదలైన పాడ్యమి, చంద్రుడు భూమికి దగ్గరవుతూ వేగంగా కదులుతున్న రోజులు కనుక, 22 గంటలలోనే, అంటే మరునాడు తెల్లవారుజామున 4.52కే పూర్తవుతుంది. రెండు సూర్యోదయాలలో దేనికీ అందని ఈ పాడ్యమి క్షయతిథి. ఉగాదిని 19నే జరుపుకుంటారు. ఇక్కడ తగులు ఉన్నది, మిగులు లేదు.

ఇందిర: మేము న్యూయార్క్‌లో ఉంటాము. మా మామగారి ఆబ్దికం చైత్ర శుద్ధ పాడ్యమి నాడే. తిథే లోపిస్తే ఏ రోజు పెట్టాలి?

నరసింహం: అమ్మా, మీకు ఆ తిథి లోపించదు. అక్కడి గడియారం ప్రకారం అమావాస్య 18వ తేదీ రాత్రి 9.22కే ముగుస్తుంది కనుక, 19న సూర్యోదయానికి పాడ్యమి ఉంటుంది, సాయంత్రం 7.22 వరకు సాగుతుంది. అయితే ఆబ్దికానికి చూడవలసినది సూర్యోదయం కాదు, అపరాహ్ణం. మీ పురోహితులను ఒకమాట అడగండి.

రమేష్: అధికమాసం సంగతి ఒప్పుకుంటాను. అయినా ఒక పూట తగిలితే తగులు అన్నట్టే కదా, మిగులు లేనంత మాత్రాన మాట మార్చాలా?

నరసింహం: జంటగా వాడే మాటలో ఒకటే మిగిలితే, వినేవారు మరునాడు కూడా పండుగ ఉన్నదనుకుంటారు. నేనైతే ‘క్షయం’ అనే అంటాను.

శారద: సూర్యోదయాలను రెండు నిలువు గీతలుగా గీసి, పాడ్యమి పట్టీని వాటి మధ్యనే ఇమిడ్చి చూపిస్తాను, న్యూయార్క్ గీతలను మరో రంగులో వేస్తాను. ‘క్షయం’ అంటే పిల్లలు తిథి అసలు రాలేదనుకుంటారేమోనన్న సందేహం మాత్రం నాకు తీరలేదు.