రొయ్య బొమ్మ చూసి వంటల యాప్ అనుకుంటున్నారు: ఐకాన్, స్టోర్ పేజీ విషయంలో మీ అనుభవాలు చెప్పండి

గట్టు మీద
మాది రాజోలు దగ్గర. నాన్నగారికి రెండు వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి. మేత, ఆ మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే, నీటి పరీక్షల లెక్కలన్నీ ఆయన ఇప్పటికీ క్యాలెండర్ వెనక రాసుకుంటారు. ఆ లెక్కల కోసమే ఒక యాప్ తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టాను. గత 28 రోజుల్లో 640 మంది దాని పేజీ తెరిచారు. ఫోనులో వేసుకున్నది మాత్రం 71 మంది. వాడుతున్న రైతులు బాగుందనే అంటున్నారు. మిగతావాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి ఎందుకు వెళ్లిపోతున్నారో అర్థం కావడం లేదు.

ఐకాన్ ఎలా ఉంటుందంటే, తెల్లని నేల మీద నారింజ రంగు రొయ్య గుండ్రంగా వంగి ఉంటుంది, కింద చిన్న అక్షరాలతో ‘మేత లెక్క’ అని రాసి ఉంటుంది. యాప్ పేరు ఇంగ్లీషులో ఉంది. మొదటి స్క్రీన్‌షాట్‌లో ఫోను నంబరు అడిగే పేజీ, రెండో దానిలో ఆ రోజు మేత పట్టిక ఉన్నాయి.

కొబ్బరి మట్ట
అక్షరాలు చిన్నవి కావడమే లోపం. ‘మేత లెక్క’ అన్నది ఐకాన్ నిండా పెద్దగా రాయండి, చదివినవాడికి వెంటనే తెలుస్తుంది. అప్పటికీ అనుమానం ఉంటే ప్లే కన్సోల్‌లోనే రెండు ఐకాన్లను పోటీకి పెట్టవచ్చు. సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి ఏది గెలిచిందో అదే చెబుతుంది. వారం చాలు.

రేవు దగ్గర
నాదీ ఇదే సమస్య. స్టోర్‌లో ఐకాన్ బాగానే ఉంది కానీ ఫోనులో వేసుకున్నాక బొమ్మ అంచులు తెగిపోతున్నాయి. నా పడవ తెరచాప కొస కనబడటం లేదు. ఏమి చేయాలి?

గీతల పని
రేవు దగ్గర గారూ, మీది వేరే సంగతి, అయినా చెబుతాను. స్టోర్‌లో కనబడే ఐకాన్, ఫోనులో కనబడే ఐకాన్ రెండు వేర్వేరు ఫైళ్లు. స్టోర్‌ది 512 పిక్సెళ్ల చదరం, కన్సోల్‌లో విడిగా ఎక్కిస్తాం. మూలలు మీరు గుండ్రం చేయకూడదు, ఆ పని స్టోరే చేసుకుంటుంది. ఫోనుది యాప్ లోపలే ఉంటుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి దానికి ముందు పొర, వెనక పొర అని రెండు ఇవ్వాలి. 108 యూనిట్ల చదరంలో ఒక్కో కంపెనీ ఫోను ఒక్కో ఆకారంలో కత్తిరించుకుంటుంది కాబట్టి, మధ్యలో 66 యూనిట్ల వృత్తం లోపల ఉన్నదే ఎక్కడైనా భద్రం. మీ తెరచాప ఆ వృత్తం దాటి ఉంటుంది. బొమ్మను తగ్గించి మధ్యకు తెండి.

ఇక గట్టు మీద గారికి ఒక ప్రశ్న. 640 మందీ ఎక్కడి నుంచి వచ్చారు? కన్సోల్‌లో స్టోర్ శోధన నుంచి వచ్చినవాళ్లు, బయటి లింకుల నుంచి వచ్చినవాళ్లు విడివిడిగా కనబడతారు. శోధనలో ఏ మాటలు కొట్టారో కూడా చూడండి. అది తెలియకుండా ఐకాన్ మీద తీర్పు చెప్పలేను.

గట్టు మీద
చూశానండి. 250 మంది నేను రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన లింకు ద్వారా వచ్చారు, వాళ్లలో 58 మంది వేసుకున్నారు. శోధన నుంచి 390 మంది వస్తే వేసుకున్నది 13 మందే. శోధన మాటల్లో రొయ్యలు, రొయ్యల కూర, రొయ్యలు ఆన్‌లైన్ అన్నవే ఎక్కువగా ఉన్నాయి. మేత అన్న మాట చాలా కింద కనబడింది.

గీతల పని
అయితే జబ్బు దొరికింది. లింకు ద్వారా వచ్చినవాళ్లకు మీరు ముందే మాటల్లో చెప్పారు, వాళ్లకు ఐకాన్ అర్థం కాకపోయినా నష్టం లేదు. శోధనలో వచ్చినవాళ్లకు మీ తరఫున మాట్లాడేది ముఖ్యంగా ఐకాన్, పేరు, రేటింగ్. ఆ మూడింటినీ చూసి కూర వండుకునేవాళ్లు మీ పేజీ తెరిచారు, తమకు కావలసింది కాదని వెళ్లిపోయారు. రైతు ఆ వరుసలోనే మిమ్మల్ని దాటి వెళ్లిపోయి ఉంటాడు. ఆయన పేజీ తెరవలేదు కాబట్టి ఈ 640లో ఆయన లేనే లేడు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ కనబడని మనిషి.

కొబ్బరి మట్ట గారు చెప్పిన పోటీ మంచి సాధనమే, ఇక్కడ మాత్రం పనికిరాదు. నెలకు 640 మంది వచ్చే పేజీని రెండుగా చీలిస్తే ఒక్కో వైపు 320 మంది. ఒక వైపు 35 మంది, ఇంకో వైపు 44 మంది వేసుకున్నా ఆ తేడా కాకతాళీయం కావచ్చు. వందకు 11 మంది వేసుకునే చోట 14 మంది వేసుకుంటున్నారని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో వైపు సుమారు 2 వేల మంది కావాలి. ఈ రాకపోకలతో ఆరు నెలలు పడుతుంది. వారంలో వచ్చే ఫలితాన్ని నమ్మి ఐకాన్ మార్చిన వాళ్లను చూశాను, మళ్లీ మార్చుకున్నారు.

పెద్ద అక్షరాల సంగతి కూడా చెబుతాను. ఐకాన్‌ను 48 పిక్సెళ్లకు కుదించి చూడండి. తెలుగులో ‘క్క’ కింది వత్తు ముందే అలికినట్టు అయిపోతుంది. ఐకాన్ పక్కనే స్టోర్ ఎలాగూ పేరు రాస్తుంది, బొమ్మలో మళ్లీ ఎందుకు?

ఉండి రైతు
బాబూ, నేను యాప్‌లు చేసేవాడిని కాదు, 15 ఎకరాల్లో వనామి వేస్తాను. మా అమ్మాయి ఈ చర్చ చూపిస్తే రాస్తున్నాను. మీ బొమ్మ చూశాను. ఆ రొయ్య ఉడికిపోయింది. బతికున్న వనామి బూడిద రంగులో, అవతలి వెలుగు కనబడేటంత పలచగా ఉంటుంది, నిటారుగా ఈదుతుంది. నారింజ రంగు వచ్చేదీ, చుట్ట చుట్టుకునేదీ మూకుట్లో పడ్డాకే. చెరువులో రొయ్య ఎర్రబడి కనిపిస్తే మాకు గుండె ఆగిపోతుంది, తెల్లమచ్చ జబ్బు వచ్చిందేమోనని. అలాంటి బొమ్మ ఉన్న యాప్‌ను రైతు ఎందుకు ముట్టుకుంటాడు?

ఇంకొకటి. మీ రెండో స్క్రీన్‌షాట్‌లో ఎకరం చెరువు, లక్ష రొయ్య పిల్ల, 12వ రోజు, మేత 90 కిలోలు అని ఉంది. ఆ వయసు పిల్లకు రోజు మొత్తం మీద అయిదారు కిలోలు వేస్తాం. 90 కిలోలు వేస్తే మేత అడుగున కుళ్లి నీరు పాడవుతుంది. ఆ అంకె చూసి, ఈ యాప్ చెరువు చూడనివాళ్లు చేసిందని అనుకున్నాను. మీ నాన్నగారు ఆ బొమ్మ చూశారా?

గట్టు మీద
చూపించలేదండి. పరీక్ష కోసం వేసిన అంకెలతోనే స్క్రీన్‌షాట్ తీశాను. ఈ రోజే నాన్నగారి పాత క్యాలెండర్ తీసి అందులోని నిజమైన పంట లెక్క ఎక్కిస్తాను. ఐకాన్‌లో రొయ్య బదులు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ చక్రం వేస్తే ఎలా ఉంటుంది? ఏ రైతయినా గుర్తుపడతాడు.

లంక పడవ
చక్రం వద్దు తమ్ముడూ. రెక్కలున్న చక్రం చిన్నదయితే ఫోను సెట్టింగుల గుర్తులా కనబడుతుంది. నేను పంటి పడవ మీద గోదావరి దాటే ఆట ఒకటి చేశాను. మొదటి ఐకాన్‌లో పడవ, పాపికొండలు, సూర్యుడు, పడవవాడు అన్నీ పెట్టాను. చిన్న ఫోనులో అదంతా ఒక గోధుమరంగు మచ్చ. చివరికి పంటి ముక్కు ఒక్కటి ఉంచి, దాని కింద తెల్లని నురగ గీత గీశాను. ఇప్పుడు దూరం నుంచి కూడా తెలుస్తోంది.

మరొక దెబ్బ కూడా తిన్నాను. ఐకాన్ మూలన ‘ఉచితం’ అని, పేరు పక్కన ‘నంబర్ 1’ అని పెట్టాను. నవీకరణ తిరిగి వచ్చింది. ధర, ర్యాంకు, ఇప్పుడే వేసుకోండి లాంటి మాటలు పేరులోనూ ఐకాన్‌లోనూ ఉండకూడదన్న నియమం 2021 నుంచి ఉందట. చదవకపోవడం నా తప్పే.

కొబ్బరి మట్ట
పోటీ విషయంలో నా లెక్క తప్పు, ఒప్పుకుంటున్నాను. పేరు మాత్రం తెలుగులోకి మార్చండి. 30 అక్షరాలు ఇస్తారు, తెలుగులో 30 అక్షరాలంటే ఒక పద్యపాదం పడుతుంది.

గీతల పని
అంత పట్టదండి. గుణింతం గుర్తు, వత్తుకు ముందున్న పొల్లు, కింది హల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘లెక్క’ మన నోటికి రెండు అక్షరాలు, యంత్రానికి అయిదు.

గట్టు మీద
నిజమేనండి. ‘చెరువు పద్దు: రొయ్యల మేత లెక్క’ అని కొట్టి చూశాను. నోటితో లెక్కిస్తే 12 అక్షరాలే, పెట్టెలో సరిగ్గా 30 అయింది. ‘లెక్కలు’ అంటే దాటిపోతోంది. చిన్న ఫోనులో వెనక భాగం తెగినా ‘చెరువు పద్దు’ మిగులుతుంది కాబట్టి దీన్నే ఉంచుతున్నాను.

ఐకాన్‌కు చెక్ ట్రే అనుకుంటున్నాను. పైనుంచి చూసినట్టు గుండ్రని ట్రే, అందులో బూడిద రంగు రొయ్య.

ఉండి రైతు
పైనుంచి చూస్తే పళ్లెంలో రొయ్య, మళ్లీ భోజనమే. పక్క నుంచి చూపించండి. నాలుగు తాళ్లు పైన ఒక ముడిలో కలిసి, కింద ట్రే వేలాడుతూ ఉండాలి. రోజుకు నాలుగుసార్లు మేం చూసే దృశ్యం అది. ఇంకో మాట, గట్టు మీద ఎండలో ఫోను చూస్తాం. తెల్లని నేల వెలుగులో కలిసిపోతుంది.

గట్టు మీద
నెల తర్వాత రాస్తున్నాను. ముదురు ఆకుపచ్చ నేల మీద తెల్లని తాళ్లు, ట్రే అంచున ఒక నిటారు రొయ్య పెట్టాను. కొత్త పేరు పెట్టాను. మొదటి స్క్రీన్‌షాట్‌గా నాన్నగారి చెరువు 45వ రోజు మేత పట్టిక ఉంచి, ఫోను నంబరు పేజీ తీసేశాను. ఈసారి శోధన నుంచి 210 మందే వచ్చారు, వేసుకున్నది 19 మంది. వచ్చేవాళ్లు తగ్గడం చూసి మొదట భయపడ్డాను.

గీతల పని
తగ్గింది కూర వెతుక్కునేవాళ్లయితే మంచిదే, శోధన మాటలు మళ్లీ చూడండి. కానీ ఇది ఐకాన్ ఘనత అని ఇప్పుడే అనలేం. ఐకాన్, పేరు, స్క్రీన్‌షాట్ మూడూ ఒకేసారి మార్చారు, పైగా ఈ నెలలోనే కొత్త పిల్ల వదిలారు కదా. రైతులు లెక్కలు మొదలుపెట్టే సమయం అది.

గట్టు మీద
అవునండి, పంట కాలం సంగతి నాకు తట్టలేదు. శోధన మాటల్లో ‘రొయ్యల మేత’ పైకి వచ్చింది, ‘కూర’ ఇంకా ఉంది.

ఉండి రైతు
మా ఊరి మేత దుకాణంలో ఫోను పెట్టి, పేరు వేలితో మూసి, అయిదుగురికి మీ కొత్త ఐకాన్ చూపించాను. ఇద్దరు చెక్ ట్రే అన్నారు. ముగ్గురు త్రాసు అన్నారు, రొయ్యల ధరలు చెప్పే యాప్ అనుకున్నారు.

లంక పడవ
తాళ్లు కాస్త వదులుగా, నీటిలోకి దిగుతున్నట్టు గీస్తే? ట్రే సగం నీటి గీత కింద ఉంటే త్రాసు అనుకోరు.

గట్టు మీద
ఈ రాత్రికి అలా గీస్తాను. ఉండి రైతు గారూ, రేపు మళ్లీ దుకాణానికి వెళితే ఈసారి వేరే అయిదుగురికి చూపిస్తారా?