ప్రెస్ నోట్ 640 మందికి పంపాలా, 38 మందికి చాలా?

కొత్తచేతి అడుగుతున్నారు:
హైదరాబాద్‌లో ఒక పీఆర్ ఏజెన్సీలో ఇంటర్న్‌ని. క్లయింట్ ఒక కంటి ఆసుపత్రి. కరీంనగర్‌లో కొత్త శాఖ తెరుస్తున్నారు, మొదటి వారం అరవై ఏళ్లు దాటినవారికి శుక్లాల పరీక్ష ఉచితం. ప్రెస్ నోట్ రాయడం, మీడియా జాబితా తయారుచేయడం నా పని. ఆఫీసులోని పాత షీటులో 640 మెయిళ్లున్నాయి, అందరికీ పంపేయమంటున్నారు మా మేనేజరు. నేను 38 మందితో వేరే జాబితా చేసుకున్నాను. ఎవరిది సరి?

పాతడెస్కు:
జిల్లా డెస్కులో చాలా ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను కాబట్టి ఆ మెయిలు అందుకునేవారి తరఫున చెబుతాను. కరీంనగర్ ఆసుపత్రి వార్త పడితే కరీంనగర్ జిల్లా పేజీల్లోనే పడుతుంది. రాసి పంపేది అక్కడి స్టాఫ్ రిపోర్టరో విలేకరో, దిద్దేది ఆ ఎడిషన్ డెస్కు. ఆ 640లో వీళ్లు కాక మిగిలినవారంతా మీ నోట్ చదివినా చేయగలిగింది ఏమీ లేదు. హైదరాబాద్‌లో సినిమా వార్తలు చూసే రిపోర్టరు దాన్ని కరీంనగర్‌కు పంపిస్తాడనుకోకండి. తీసేస్తాడు. ఇలా రెండు మూడుసార్లు జరిగాక మీ ఏజెన్సీ పేరు కనిపిస్తే చాలు, తెరవకుండానే తీసేస్తాడు. రేపు మీ దగ్గర నిజంగా సినిమా వార్త ఉన్న రోజున ఆ నష్టం తెలుస్తుంది.

ఇంతకీ ఆ పాత షీటు ఎప్పటిది? అందులో జగిత్యాల, సిరిసిల్ల విలేకరులు ఏ జిల్లా కింద ఉన్నారో చూసి చెప్పండి.

కొత్తచేతి:
చూశాను. ఇద్దరూ కరీంనగర్ జిల్లా కిందే ఉన్నారు. పెద్దపల్లి కూడా.

పాతడెస్కు:
అయితే అది 2016 అక్టోబరుకు ముందు చేసిన షీటు. ఆ నెలలోనే జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. అప్పటి విలేకరుల్లో ఎందరు అదే పత్రికలో, అదే ఊళ్లో ఉంటారు? అనుమానం ఉంటే ఆ షీటులోంచి ఇరవై చిరునామాలు తీసి పరీక్షించండి. ఎన్ని `550 5.1.1` అని తిరిగొస్తాయో చూస్తే మీ మేనేజరుకు వేరే వాదన చెప్పనక్కరలేదు. ఆ చిరునామాతో పెట్టె లేదని దాని అర్థం.

ఏజెన్సీమనిషి:
డెస్కు పెద్దాయన చెప్పింది కాదనను. కానీ ఆయన ఎప్పుడూ క్లయింటు ముందు కూర్చోలేదు. నెలాఖరున మేము ఇచ్చే నివేదికలో ఎన్ని చోట్ల వచ్చిందన్న లెక్క ఉంటుంది. 640 మందికి పంపితే ఏ చిన్న వెబ్ పోర్టలో మొత్తం నోట్‌ను యథాతథంగా పెడుతుంది, ఆ లింకు కూడా లెక్కలోకి వస్తుంది. 38 మందికి పంపి నాలుగు కటింగులు చూపిస్తే క్లయింటు మరుసటి నెల వేరే ఏజెన్సీని వెతుక్కుంటాడు.

ఇంకో సంగతి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం విలేకరుల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకోవడమే నేరం. ఈ అమ్మాయి ఫోన్లు చేసి నంబర్లు పోగేయడం కన్నా ఉన్న మెయిళ్లకు పంపడమే క్షేమం.

చట్టంచదివినోడు:
అది సరి కాదు. ఆ చట్టంలో ఉన్నవి జరిమానాలే, నంబరు రాసిపెట్టుకోవడాన్ని నేరం అనదు. పైగా ఎవరైనా తమ వివరాలను తామే బహిరంగంగా పెట్టుకుంటే ఆ వివరాలకు ఈ చట్టం వర్తించదు. వార్త కింద తన మెయిలు తానే ఇచ్చుకున్న రిపోర్టరు ఆ కోవలోకి వస్తారు. మీ వాదన నిజానికి మీ షీటుకే తగులుతుంది. ఆ 640 ఎక్కడి నుంచి వచ్చాయి? ఎవరి దగ్గరో కొన్న జాబితా అయితే ఆ మనుషులు ఇచ్చినవని ఎలా చెబుతారు? కొత్తచేతి గారూ, మీ జాబితాలో ప్రతి పేరు పక్కన ‘ఎలా వచ్చింది’ అని ఒక గడి పెట్టుకోండి. ‘ఆయనే ఫోన్‌లో ఇచ్చారు’, ‘వార్త కింద ఉంది’ అని రెండు మాటలు చాలు.

ఆవకాయఅమ్మ:
నేను గుంటూరులో పచ్చళ్లు తయారుచేసి అమ్ముతున్నాను. ప్రెస్ నోట్ పత్రికలో వేయడానికి ఎంత కట్టాలో ఎవరైనా చెబుతారా? ఒకాయన గడి ఐదు వేలన్నాడు.

మండలవిలేకరి:
అమ్మా, గడికి ఇంత అని చెప్పాడంటే అది ప్రకటన. ప్రెస్ నోట్‌కు డబ్బు ఉండదు, పడుతుందన్న హామీ కూడా ఉండదు. ఆ రెండూ కలిపి మాట్లాడేవాడిని నమ్మకండి. అయితే దాచకుండా చెప్పాలంటే మాలో చాలామందికి ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా ఉంటుంది. ఆసుపత్రి ప్రారంభం నోట్ పంపితే ‘ప్రకటన ఏమైనా ఇస్తున్నారా’ అని అడిగేవాళ్లు కచ్చితంగా ఉంటారు. ఇంటర్న్ గారు ఆ మాటకు తానే జవాబు చెప్పేయకూడదు. ‘అది మా ఆఫీసు వాళ్లు చూస్తారు’ అని, నోట్ సంగతి నోట్‌గానే మాట్లాడాలి.

ఇక నోట్ పంపే తీరు. దయచేసి పీడీఎఫ్ మాత్రమే పంపకండి. అందులోంచి తెలుగు అక్షరాలు తీసి అతికిస్తే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. మళ్లీ టైపు చేసే ఓపిక సాయంత్రం ఎవరికీ ఉండదు. అను ఫాంటులో టైపు చేసి మెయిల్లో అతికిస్తే ఇంకా ఘోరం, అవతల ఆ ఫాంటు లేకపోతే అంతా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి. యూనికోడ్‌లో టైపు చేసి మెయిలు లోపలే పెట్టండి, అదే వాట్సాప్‌లోనూ పంపండి. ఫొటో విడిగా, కింద వరుసలో ఎవరెవరున్నారో ఎడమ నుంచి పేర్లతో.

కొత్తచేతి:
పేర్ల దగ్గరే ఆగిపోయాను. ఇంగ్లిష్ పత్రికల్లో వార్త పైన రాసినవారి పేరు ఉంది, తేలిగ్గా దొరికింది. తెలుగు జిల్లా పేజీలు నెల రోజులవి తిరగేసినా పేర్లే కనిపించలేదు. చివరి పేజీ అడుగున ఉన్న పేర్లు రాసుకున్నాను, అవి పనికొస్తాయా?

పాతడెస్కు:
రావు. అక్కడుండేది ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు. సంపాదకుడికి మీ ఆసుపత్రి నోట్ పంపితే అది కరీంనగర్ దాకా దిగిరాదు. ఇంటర్న్‌లకు నేర్పే ‘బైలైన్ చూసి జాబితా చేయి’ అన్న పాఠం మన జిల్లా పేజీలకు సరిపోదు. ఈనాడు జిల్లా పేజీల్లో ‘న్యూస్‌టుడే’ అని, ఊరి పేరు ఉంటాయి. మిగతావాటిలోనూ చాలా వార్తలకు పత్రిక పేరు, ఊరి పేరే. అందుకే ఫోను తప్పదు. పత్రిక కరీంనగర్ కార్యాలయానికి పదకొండు గంటల ప్రాంతంలో చేయండి. సాయంత్రం ఆరింటికి చేస్తే విసుక్కుంటారు, అప్పుడు పేజీలు నడుస్తుంటాయి. అడగవలసినవి మూడే: ఆరోగ్య వార్తలు ఎవరు చూస్తారు, ఆయనకు మెయిలు ఇష్టమా వాట్సాపా, ఏ వేళలోపు అందాలి. జవాబులతోపాటు ఏ తేదీన కనుక్కున్నారో కూడా రాయండి. తేదీ లేకపోతే మీ 38 కూడా కొన్నేళ్లకు ఆ 640 లాగే తయారవుతుంది.

నోట్ మొదటి పేరా ఎలా రాశారో ఇక్కడ పెట్టండి.

కొత్తచేతి:
‘నేత్ర వైద్య రంగంలో విశిష్ట సేవలందిస్తూ లక్షలాది మంది ఆదరాభిమానాలు చూరగొన్న మా సంస్థ, తన సేవలను విస్తరించే దిశగా మరో అడుగు ముందుకు వేస్తూ, అత్యాధునిక సౌకర్యాలతో కరీంనగర్‌లో నూతన శాఖను ప్రారంభిస్తున్నట్లు తెలియజేయడానికి హర్షిస్తోంది.’

పాతడెస్కు:
ఇది ఆహ్వాన పత్రిక. డెస్కులో దీన్ని చూసినవాడు ‘కరీంనగర్‌లో’ అన్న మాట దాకా కొట్టేసుకుంటూ వస్తాడు, ఆ తర్వాత మిగిలేది కూడా కొట్టేస్తాడు. నేనైతే ఇలా రాస్తాను:

‘కరీంనగర్: అరవై ఏళ్లు దాటినవారికి ఈ నెల 10 నుంచి 16 వరకు కరీంనగర్‌లో శుక్లాల పరీక్షలు ఉచితంగా చేయనున్నారు. కొత్తగా ప్రారంభమవుతున్న ఫలానా కంటి ఆసుపత్రిలో రోజూ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు పరీక్షలు జరుగుతాయని నిర్వాహకులు తెలిపారు. ఆధార్ కార్డు వెంట తెచ్చుకోవాలి. పరీక్ష మాత్రమే ఉచితం, శస్త్రచికిత్సకు రుసుము ఉంటుంది.’

తేదీలు, వేళలు, కార్డు సంగతి నేను ఊహించినవి, మీవి వేసుకోండి. ఆ ఆఖరి వాక్యం మాత్రం క్లయింటును అడిగి తేల్చుకోండి. శస్త్రచికిత్స కూడా ఉచితమనుకుని ఊళ్ల నుంచి ముసలివాళ్లు వస్తే మరుసటి రోజు అదే పేజీలో వేరే వార్త వస్తుంది.

ఇంకొకటి. ఈ పేరా జిల్లా పేజీకి. వాణిజ్య పేజీ చూసే రిపోర్టరుకు పరీక్షల వేళలతో పని లేదు. ఆయనకు ఎంత పెట్టుబడి, ఇది ఎన్నో శాఖ, ఎందరికి ఉద్యోగాలు అన్నవి కావాలి. అంటే నోట్లు రెండు. అందుకే జాబితా ముందు తయారుచేసి నోట్ తర్వాత రాయమంటాను. ఎవరు చదువుతారో తెలియకుండా రాసిన నోట్ అందరికీ నప్పేలా ఉండాలని చూస్తుంది, చివరికి ‘హర్షిస్తోంది’ దగ్గర ఆగుతుంది.

ఏజెన్సీమనిషి:
రెండు నోట్లు రాస్తే క్లయింటు ఆమోదం రెండుసార్లు తీసుకోవాలి. ఆసుపత్రి వైద్యుడు ఒక్క నోట్ చదివి సంతకం పెట్టడానికే వారం తీసుకుంటాడు. మీకు చెప్పడం తేలిక.

పాతడెస్కు:
అది నిజమే. మొదటి పేరా మాత్రమే రెండు రకాలుగా రాసి, మిగతాది ఒకటే ఉంచి, ఒకేసారి చూపించండి. వైద్యుడు దాంట్లో ‘తెలంగాణలోనే తొలిసారి’ అని చేరుస్తాడు, రాసిపెట్టుకోండి. ఆధారం అడగండి. లేకపోతే డెస్కులో ఎలాగూ పోతుంది.

చట్టంచదివినోడు:
ఫొటోల సంగతి ఎవరూ ఎత్తలేదు. కంటికి కట్టుతో ఉన్న రోగి ఫొటో పంపాలనుకుంటే ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనలు రోగి ఎవరో గుర్తుపట్టేలా ఉన్న ఫొటోను ఆయన అనుమతి లేకుండా ప్రచురించకూడదంటాయి. సమస్య మీకు కాదు, ఆ వైద్యుడికి వస్తుంది. అప్పుడు క్లయింటు ఉండడు.

కొత్తచేతి:
మేనేజరుతో మాట్లాడాను. 38కి పంపడానికి ఒప్పుకున్నారు, కానీ సాయంత్రం 640కి కూడా వెళ్లాలంటున్నారు. మా జీమెయిల్ ఖాతా ఉచితమైనది.

పాతడెస్కు:
ఉచిత ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపలేరు, మధ్యలో ఆగిపోతుంది. పంపక తప్పకపోతే చిరునామాలన్నీ `Bcc` గడిలో పెట్టండి. అందరి చిరునామాలూ అందరికీ కనిపించేలా వెళ్లాయంటే ఒకాయన ‘నన్ను తీసేయండి’ అని అందరికీ జవాబిస్తాడు, ఇక ఆ రాత్రంతా అదే. అయినా నా మాట మారదు: ఆ షీటు పక్కన పెట్టండి.

ఏజెన్సీమనిషి:
నా మాటా మారదు. అందులోని పోర్టళ్లను ఏరి వేరే జాబితా చేయండి, మిగతాది వదిలేయండి. లెక్క లేకుండా మాత్రం నెల గడవదు.

మండలవిలేకరి:
ఇంటర్న్ గారూ, మీ 38లో హుజూరాబాద్, జమ్మికుంట, చొప్పదండి విలేకరులున్నారా? పరీక్షకు వచ్చేది ఎక్కువగా ఆ వైపు ఊళ్లవాళ్లే. మండల పేజీలో పడిన నాలుగు వరుసలు చూసే బస్సెక్కుతారు.

కొత్తచేతి:
ఒక్కరూ లేరు. రేపు పదకొండింటికి మళ్లీ ఫోన్లు మొదలుపెడతాను.