అమ్మకు పొర 9 మి.మీ., బయాప్సీలో "ముక్క చాలలేదు" అని వచ్చింది. ఇక వదిలేయొచ్చా?

నల్గొండ_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా అమ్మకు 63 ఏళ్లు. ముట్లు ఆగిపోయి పన్నెండేళ్లయింది. షుగర్ ఉంది, మనిషి కాస్త లావు. దసరా ముందు లంగా మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మరక కనిపించిందట. మాకు చెప్పకుండా ఉతికేసుకుంది. ఇరవై రోజులకు మళ్లీ కనిపించింది, ఈసారి ఎర్రగా. అప్పుడు కూడా నాకు చెప్పలేదు, మా వదినకు చెప్పింది.

ఊళ్లో ఆర్‌ఎంపీ "వేడి చేసింది" అని ఐదు రోజులకు మాత్రలిచ్చాడు. తర్వాత పొట్ట మీద స్కాన్ తీయిస్తే గర్భసంచి లోపలి పొర 6 మి.మీ. అన్నారు. టౌన్‌లో గైనకాలజిస్ట్ లోపలి నుంచి స్కాన్ చేస్తే 9 మి.మీ. వచ్చింది. అదే రోజు సన్నటి గొట్టంతో ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో "ఇన్‌సఫిషియెంట్ ఫర్ ఒపీనియన్" అని ఒక్క లైను. మేడమ్ "చెడ్డదేమీ రాలేదు కదా, మూడు నెలలాగి చూద్దాం" అన్నారు. పిన్నేమో "ఈ వయసులో ఆ సంచి ఎందుకు, తీయించేయండి" అంటోంది. నాకు రెండూ మింగుడు పడట్లేదు. ఏమీ రాలేదంటే ఏమీ లేనట్టేనా?

వేపచెట్టు_నీడ
చెల్లీ, 4 మి.మీ. లోపు ఉంటే కాన్సర్ ఉండదు, దాటితే కాన్సరే అనుకోవాలి. మీ అమ్మగారికి 9, అంటే రెట్టింపు పైనే. ఆలస్యం చేయకుండా హైదరాబాద్ తీసుకెళ్లండి.

గాజుపలక
వేపచెట్టు గారూ, ఆలస్యం చేయొద్దన్న మాట నిజమే, మిగతాది సగమే నిజం. నేను పాథాలజీలో పనిచేస్తాను, ఇలాంటి ముక్కలు రోజూ నా టేబుల్ మీదకే వస్తాయి. ముట్లు ఆగాక రక్తం కనపడినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికే కాన్సర్ తేలుతుంది. చాలామందికి పొర ఎండి పలచబడటం వల్ల వస్తుంది, కొందరికి పాలిప్ వల్ల, అంటే పొర మీద పెరిగే చిన్న కండ వల్ల. 4 అనే అంకె కాన్సర్‌ని పట్టుకోవడానికి పెట్టింది కాదు. ఎవరికి ముక్క పరీక్ష లేకుండా ఆగొచ్చో చెప్పడానికి పెట్టింది. 4 లేదా అంతకంటే తక్కువైతే కాన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ, కాబట్టి ఆగొచ్చు. 4 దాటితే జబ్బుందని కాదు, చూడకుండా వదలొద్దని.

నల్గొండ అమ్మాయి గారూ, మీ రిపోర్టు సంగతి. ఆ గొట్టం సుమారు మూడు మిల్లీమీటర్ల లావుంటుంది. లోపలి కడ్డీని వెనక్కి లాగితే పీల్చుకుంటుంది, పొరలోంచి సేమియాలాంటి పోగులు వస్తాయి. వాటిని ఫార్మలిన్ డబ్బాలో వేసి మాకు పంపుతారు. కొన్ని డబ్బాలు మూత తీస్తే అడుగున చీమిడిలాంటి జిగురు, రెండు రక్తపు చుక్కలు, అంతే. స్లైడు చేసి మైక్రోస్కోప్ కింద పెడితే గర్భసంచి పొర తాలూకు కణజాలమే కనపడదు. అప్పుడు "చాలలేదు" అని రాస్తాం. మేం చూసి బాగుందని చెప్పినట్టు కాదు, చూడటానికి ఏమీ దొరకలేదని.

ఇదే రిపోర్టు పొర 3 మి.మీ. ఉన్న మనిషికి వస్తే నేను పెద్దగా పట్టించుకోను. పలచటి పొరలో గీరితే ఏం వస్తుంది, రాకపోవడమే సహజం. అమ్మగారికి 9 ఉంది. అంత మందం ఉన్నచోట ముక్క రాలేదంటే గొట్టం లోపలిదాకా వెళ్లలేదేమో అనుకోవాలి. ఈ వయసులో గర్భసంచి ముఖద్వారం బిగుసుకుపోతుంది, అక్కడే ఆగిపోయి ఉండొచ్చు. లేదా లోపల పాలిప్ ఉంటే, అది మెత్తగా వేలాడుతుంది కాబట్టి గొట్టం తగలగానే పక్కకు తప్పుకుంటుంది. మూడు నెలలు ఆగమన్న సలహా నాకు నచ్చలేదు.

నల్గొండ_అమ్మాయి
లోపలికి పోవడం కష్టంగా ఉందని ఆ రోజు మేడమ్ నర్సుతో అనడం అమ్మ విన్నదట. మీరు రాశాక అడిగితే ఇప్పుడు చెప్తోంది. ఈమెతో ఎలా వేగాలో తెలియట్లేదు.

సార్, మరి ఒకచోట 6, ఇంకోచోట 9 ఎందుకొచ్చింది? పది రోజుల్లో పెరిగిందా?

గాజుపలక
పెరిగిందనుకోవద్దు. స్కాన్ నా పని కాదు, తెలిసినవాళ్లెవరైనా చెప్తే మంచిది.

పద్మ_కొత్తపేట
నాకూ ఇదే సమస్య అండి. నాకు 44. నెలసరి ఇరవై రోజులకోసారి వస్తోంది, చాలా ఎక్కువగా పోతోంది. స్కాన్‌లో పొర 12 వచ్చింది. 4 దాటితేనే అంత కంగారైతే నా పరిస్థితి ఏంటి? రాత్రి నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు.

స్కాన్_రూమ్
పద్మ గారూ, మీకు ముట్లు ఆగలేదు కదా, ఈ 4 లెక్క మీకు వర్తించదు. నెలసరి వచ్చేవాళ్లకు పొర నెలంతా పెరుగుతుంది, తగ్గుతుంది. రుతుస్రావానికి ముందు 12 మామూలే. ఈ అంకె చూసి భయపడకండి. అయితే అంత బ్లీడింగ్ అవుతోందంటే డాక్టరుకు చూపించుకోవాలి, మీ వయసులో వాళ్లు కొందరికి బయాప్సీ కూడా చేస్తారు. అది వేరే లెక్క.

అసలు ప్రశ్నకు వస్తా. పొట్ట మీద చేసే స్కాన్‌కు మూత్రం నిండుగా ఉండాలి, పొట్ట కొవ్వు దాటి చూడాలి. మనిషి లావైతే పొర అంచులు మసకగా కనపడతాయి. 4కూ 6కూ తేడా తేల్చేంత స్పష్టత అందులో ఉండదు. లోపలి స్కాన్ మూత్రం పోసుకుని వచ్చాక చేస్తాం, గర్భసంచి దగ్గరగా కనపడుతుంది. గర్భసంచిని నిలువుగా చూస్తూ, పొర ఎక్కడ ఎక్కువ మందంగా ఉందో అక్కడ ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలుస్తాం. మధ్యలో నీరు ఉంటే దాన్ని కలపకూడదు, ముందు పొర, వెనక పొర విడిగా కొలిచి కూడాలి. నీటిని కూడా కలిపి 9 అని రాసినవి చూశాను. మీ రిపోర్టులో కావిటీలో నీరు ఉందని రాశారా? పొర అంతా ఒకేలా ఉందా, ఒకచోటే గడ్డలా ఉందా?

నల్గొండ_అమ్మాయి
నీరు లేదని ఉంది. "పైభాగంలో ఒకచోట మందంగా ఉంది, పాలిప్‌కు అవకాశం" అని చివర చిన్నగా రాశారు. మాకెవరూ ఆ లైను చదివి చెప్పలేదు.

గాజుపలక
అదే కావలసిన లైను. ఒకచోట ఉన్నదాన్ని కళ్లు మూసుకుని గొట్టంతో వెతికితే దొరకడం అదృష్టం. పొర అంతటా జబ్బుంటే ఈ గొట్టం బాగానే పట్టుకుంటుంది, ఒక మూల ఉంటే తప్పిపోతుంది. అమ్మగారికి ఇప్పుడు కావలసింది హిస్టరోస్కోపీ. సన్నటి కెమెరా లోపలికి పంపి చూస్తూ పాలిప్ తీసి, మిగతా పొర కూడా గీరి పంపుతారు. రెండూ వేర్వేరు డబ్బాల్లో పంపమనండి, ఎక్కడ ఏముందో మాకు తెలుస్తుంది.

పిన్నిగారి మాటకు జవాబు: ఏముందో తెలియకుండా సంచి తీయించకండి. మన పల్లెల్లో అవసరం లేకుండా తీసేసిన గర్భసంచుల కథ అందరికీ తెలిసిందే. పైగా ఒకవేళ కాన్సరే అయితే ఆ ఆపరేషన్ వేరు. అండాశయాలు, ట్యూబులు కూడా తీయాలి, లింఫ్ గ్రంథుల సంగతి ముందే ఆలోచించాలి. మామూలు ఆపరేషన్ చేశాక రిపోర్టు చూసి తల పట్టుకున్న కుటుంబాలను చూశాను.

బెజవాడ_పెద్దమ్మ
నా సంగతి కూడా రాయాలనిపించింది. నాకు 67. నిరుడు మరక కనిపిస్తే లోపలి స్కాన్‌లో 3 మి.మీ. వచ్చింది. ముందు పాప్‌స్మియర్ కూడా చేశారు, బాగుందన్నారు. లోపల ఎండిపోవడం వల్లే అని రాసుకోవడానికి క్రీమ్ ఇచ్చారు, తగ్గింది. ముక్క పరీక్ష అక్కర్లేదన్నారు. ఈ ఆషాఢంలో మళ్లీ రెండుసార్లు కనిపించింది. 3 అన్నారు కదా, పాప్ కూడా మంచిగా వచ్చింది కదా అని ఊరుకున్నాను. మళ్లీ క్రీమ్ మొదలుపెట్టాను.

గాజుపలక
పెద్దమ్మా, నిరుడు మీకు చేసింది సరైనదే. కానీ ఆ 3 మొదటిసారి రక్తానికి జవాబు. రక్తం మళ్లీ వచ్చిందంటే స్కాన్‌లో ఎంతున్నా ముక్క పరీక్ష చేయాలి. అరుదుగా వచ్చే కొన్ని మొండి రకం కాన్సర్లు పలచటి పొరలోనూ ఉంటాయి. పాప్‌స్మియర్ గర్భసంచి ముఖద్వారానికి చేసేది, లోపలి పొర గురించి దాన్ని నమ్ముకోకూడదు. క్రీమ్‌తో మళ్లీ తగ్గినా సరే, వెళ్లండి.

బెజవాడ_పెద్దమ్మ
మా అబ్బాయి వచ్చే నెల వస్తాడు బాబూ, వాడొచ్చాక చూద్దాం. ఆ గొట్టం నొప్పిగా ఉంటుందా?

స్కాన్_రూమ్
ముట్టు నొప్పిలాంటిది గట్టిగా వస్తుందమ్మా, రెండు మూడు నిమిషాలు. కొందరు ఓర్చుకోలేక మధ్యలో ఆపేయమంటారు. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. అబ్బాయి కోసం నెల ఆగకండి, పక్కింటి వాళ్లను తోడు తీసుకెళ్లినా చాలు.

వేపచెట్టు_నీడ
ఒక్క డౌట్. కొందరు డాక్టర్లు 4 అంటారు, కొందరు 5 అంటారు. ఏది నమ్మాలి?

గాజుపలక
రెండూ వాడుకలో ఉన్నాయి. అంకె తగ్గిస్తే తప్పిపోయేవాళ్లు తగ్గుతారు, అనవసరంగా బయాప్సీ చేయించుకునేవాళ్లు పెరుగుతారు. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2018లో 4 అనే చెప్పింది. 4.6 వచ్చిన మనిషి విషయంలో ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు చెప్తే నేను ఆశ్చర్యపోను. షుగర్, బరువు ఉన్న మనిషికి నేనైతే తక్కువ అంకె వైపే మొగ్గుతాను.

నల్గొండ_అమ్మాయి
పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నా. వేరే డాక్టరు దగ్గర హిస్టరోస్కోపీ చేయించాం, కాసేపు మత్తిచ్చారు. ముఖద్వారం బాగా బిగుసుకుపోయిందట, ముందు రోజు రాత్రి మెత్తబడటానికి మందు పెట్టారు. లోపల పైభాగంలో చిక్కుడు గింజంత పాలిప్. స్క్రీన్ మీద నాకూ చూపించారు, గులాబీ రంగులో అటూ ఇటూ ఊగుతోంది. గొట్టానికి ఎందుకు దొరకలేదో అప్పుడర్థమైంది. రెండు డబ్బాలు పంపమని అడిగితే "మేం ఎలాగూ అలాగే పంపుతాం" అని నవ్వారు.

రిపోర్టు నిన్న వచ్చింది. పాలిప్‌లో చెడ్డ కణాలు లేవు. మిగతా పొర పలచగా, ఎండినట్టుంది. మళ్లీ మరక కనిపిస్తే రమ్మన్నారు. ఈసారి కనిపిస్తే ముందు నాకే చెప్తానని అమ్మ ఒట్టేసింది. వదినకు నమ్మకం లేదు, లంగాలు తనే ఉతుకుతానంటోంది.

బెజవాడ పెద్దమ్మా, మీరు వెళ్లారా?