అప్‌డేట్: స్టేజీ సామాను డెలివరీ తేదీ మార్చమని రాసిన ఉత్తరం

నా ప్రశ్న: మా కంపెనీ వార్షికోత్సవం శనివారం సాయంత్రం 6కి. ఎల్‌ఈడీ గోడ, దాన్ని నిలబెట్టే ట్రస్ చట్రం గురువారం ఉదయం రావాలి. ఆ రాత్రి హాల్లో పెళ్లి పడింది. ప్రోగ్రాం కదలకుండా డెలివరీ శుక్రవారానికి జరపమని సప్లయర్‌కి ఎలా రాయాలి?

అప్‌డేట్: పని అయింది. ఇక్కడ జవాబుల్లో మీరు చెప్పినట్టే "కాస్త సర్దుకోండి" లాంటివి తీసేసి, శనివారం నుంచి వెనక్కి లెక్కేసి రాశాను. అసలు భాగం ఇది:

"నమస్కారమండీ. గురువారం రావాల్సిన సామాను శుక్రవారం ఉదయం 6కి హాలు వెనక గేటు దగ్గర దింపించగలరా? 5కల్లా హాలు ఖాళీ అవుతుందని మేనేజర్ గారు రాసిచ్చారు, కాపీ జతచేశాను. శనివారం మధ్యాహ్నం 3కి సౌండ్ చెక్, అది మారదు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నానికి ట్రస్, రాత్రికి ఎల్‌ఈడీ నిలబడాలి. ఇందులో మీకు ఏది కుదరదో బుధవారం సాయంత్రంలోగా చెప్పండి."

సప్లయర్ వెంటనే ఫోన్ చేశారు. తేదీతో ఇబ్బంది లేదట, కుర్రాళ్లతోనే. గురువారం రాత్రి వాళ్లు ఇంకోచోట స్టేజీ విప్పాలి, తెల్లారేసరికి అందరూ రాలేరు. అందుకని రెండు లోడ్లు చేశాం: పొద్దున ట్రస్, ప్లాట్‌ఫారాలు, మధ్యాహ్నం ఎల్‌ఈడీ గోడ ప్యానెళ్లు. ట్రస్ నిలబెట్టి మట్టం చూశాకే ప్యానెళ్లు ఎక్కిస్తారు, ముందే వచ్చినా మూలన పడి ఉండేవే. రెండో ట్రిప్పు కిరాయి మాదే. ఆ మాట మెయిల్లో రాయించుకున్నాను, ఫోన్లో అనుకున్నవి బిల్లు నాటికి ఎవరికీ గుర్తుండవు.

శుక్రవారం రాత్రి గోడ మీద రంగులు వేసి చూస్తే ఒక ప్యానెల్ నల్లగా ఉంది. స్పేర్ పెట్టారు. శనివారం పొద్దున ఖాళీగా ఉంచింది ఇలాంటివాటికే.